మెరుగు పెట్టినప్పుడు పోయే బంగారం: తరుగు లెక్కలోకి రాని తరుగు

నగ కొనేటప్పుడు తరుగు ఎంత శాతం వేశారో, మజూరీ ఎంత కట్టారో ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకునేవారు కూడా, అదే నగను మెరుగుకు ఇచ్చి తిరిగి తెచ్చుకునేటప్పుడు కాటా మీద పెట్టించి చూడడం అరుదు. నగ తళతళలాడుతుంది, చేతికి ఇచ్చినదే చేతికి వస్తుంది, పైగా చాలా దుకాణాల్లో ఆ పని ఉచితం. అయితే మెరుగు అనేది నగకు పూసేది కాదు, నగ నుంచి తీసేది. గీతలు పడిన పైపొరను తొలగించి, అడుగున ఉన్న నునుపైన లోహాన్ని బయటపెట్టడమే ఆ పని. ఆ తీసివేత ఎంత అన్నది పద్ధతిని బట్టి, నగ ఆకారాన్ని బట్టి ఎంతగా మారిపోతుందో తెలిస్తే, ఎన్నేళ్లకొకసారి మెరుగు పెట్టించాలన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు దానంతటదే దొరుకుతుంది.

ముందు నగ ఎందుకు మసకబారుతుందో చూడాలి. మేలిమి బంగారానికి గాలివల్ల, నీటివల్ల తుప్పు గానీ చిలుము గానీ పట్టదు. 22 క్యారెట్ల నగలో నూటికి 91.6 పాళ్లు బంగారం, మిగిలిన 8.4 పాళ్లు రాగి, వెండి వంటి లోహాలు ఉంటాయి. ఆ రాగి కొద్దిగా రంగు మారగలదు గానీ, ఒంటి మీద రోజూ ఉండే గొలుసు కళ తప్పడానికి అది ప్రధాన కారణం కాదు. సబ్బు, లవణాలు ఎక్కువున్న కఠిన జలంతో కలిసి ఏర్పరిచే తెల్లటి పొర, ఒంటి జిడ్డు, తలనూనె, పౌడరు, పుస్తెలకు రాసే పసుపు అన్నీ కలిసి కడీల సందుల్లో పేరుకుని వెలుతురును ఆపేస్తాయి. రెండో కారణం గీతలు. బంగారం మెత్తని లోహం, ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువు దానికంటే ఎంతో గట్టిది. గాజులు ఒకదానికొకటి ఒరుసుకున్నా, బల్ల అంచుకు తగిలినా సన్నని గీతలు పడి, అద్దంలా ఒకే దిక్కుకు తిరిగి రావలసిన వెలుతురు నలుదిక్కులా చెదిరిపోతుంది.

మూడో కారణం కొంచెం సూక్ష్మమైనది. దుకాణంలో కొత్త నగకు ఉండే పసుపుపచ్చని కాంతి లోపలి లోహపు రంగు కాదు. తయారీ చివర్లో నగను వేడి చేసి పలుచని ఆమ్లంలో ముంచినప్పుడు పైపొరలోని రాగి కరిగిపోయి, బంగారం పాలు ఎక్కువగా ఉండే అతి పలుచని పొర మిగులుతుంది. పాతకాలపు కంసాలులు సురేకారం, పటిక, ఉప్పు కలిపి మరిగించి సాధించినదీ ఇలాంటి ఫలితమే. ఆ పొర వాడకంలో అరిగిపోయాక లోపలి అసలు రంగు, కొద్దిగా ఎరుపు కలిసినది, పైకి వస్తుంది. దాన్ని చూసి బంగారంలో కల్తీ ఉందేమోనని అనుమానపడేవారు ఉన్నారు గానీ, 916 నగకు సహజమైన రంగు అదే.

ఈ మూడింటిలో మొదటిది లోహాన్ని అసలు ముట్టుకోకుండానే పోతుంది. మెరుగు అవసరమయ్యేది గీతలకు మాత్రమే. దుకాణానికి మసకబారి వెళ్లే నగల్లో ఎక్కువ వాటికి పట్టినది మురికే అయినా, మురికికీ గీతలకూ ఒకే వైద్యం జరిగిపోతుండడం వల్లనే అనవసరమైన నష్టం మొదలవుతుంది.

గీత పోవడమంటే ఏమిటో దగ్గరగా చూస్తే నష్టం లెక్క తేలుతుంది. నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరిగే మోటారుకు గుడ్డ చక్రం తగిలించి, దానికి మెరుగు ముద్ద రాసి, నగను ఒత్తి పడతారు. మొదట వాడే గరుకు ముద్ద లోహాన్ని కోస్తుంది, చివర్లో వాడే ఎర్రని ముద్ద, అంటే మెత్తటి ఇనుప ఆక్సైడు పొడి, ఆ కోత గుర్తులను నునుపు చేస్తుంది. గీత ఒక చిన్న కాలువ లాంటిది. కాలువను పూడ్చడానికి అక్కడ అదనపు లోహమేమీ లేదు కాబట్టి, గీత కనిపించకుండా పోవాలంటే చుట్టూ ఉన్న నేలంతా కాలువ అడుగు దాకా దిగిపోవాలి. ఒక్క లోతైన గీత కోసం మొత్తం ముఖాన్ని అరగదీయవలసి రావడం అందుకే.

దీన్ని కొలవడానికి ఒక చిన్న సూత్రం చాలు. 22 క్యారెట్ల బంగారం సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు. ఒక చదరపు సెంటీమీటరు మేర ఒక మైక్రాన్ మందం, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తీసేస్తే పోయేది దాదాపు 1.8 మిల్లీగ్రాములు. నగ బరువు ఎంతన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఎంత వైశాల్యం మీద, ఎంత లోతు తీశారన్నదే లెక్క.

20 గ్రాముల సాదా గాజును తీసుకుందాం. వ్యాసం 6 సెంటీమీటర్లు, పట్టీ వెడల్పు 6 మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, బయటి ముఖం వైశాల్యం పదకొండున్నర చదరపు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చివరి ఎర్ర ముద్దతో పైపైన మెరుగు పెట్టి ఒక మైక్రాన్ తీస్తే పోయేది 20 మిల్లీగ్రాములు, గాజు బరువులో వెయ్యో వంతు. అదే గాజు మీద 10 మైక్రాన్ల లోతున్న గీతలు పూర్తిగా పోవాలని పట్టుబడితే 200 మిల్లీగ్రాములు పోతాయి. అంటే గాజులో ఒక శాతం, పాత తూకంలో గురివింద గింజ ఎత్తు సుమారు 120 మిల్లీగ్రాములు కాబట్టి గింజన్నర కంటే ఎక్కువ. లెక్క తేలిక కోసం గ్రాము పది వేల రూపాయలు అనుకుంటే, ఉచితంగా చేయించుకున్న మెరుగుకు రెండు వేల రూపాయలు ఖర్చయినట్టు. పనివాడు ఏ మోసమూ చేయకపోయినా ఈ నష్టం తప్పదు. ఆ పొడి చక్రం గుడ్డలోనూ, దుమ్ము పట్టే పెట్టెలోనూ చేరుతుంది, దాన్ని పోగుచేసి శుద్ధికి పంపితే బంగారం తిరిగి వస్తుంది. నగల వీధుల్లో దుకాణాల ముందు మట్టిని, మురుగును కడిగి బంగారం తీసి బతికేవారు తరతరాలుగా ఉండడానికి కారణం ఆ పొడే. అయితే అలా తిరిగివచ్చిన బంగారం నగ యజమానికి చేరదు.

గొలుసు దగ్గరికి వస్తే లెక్క మరీ మారుతుంది. మూడు కాసుల, అంటే 24 గ్రాముల పుస్తెలతాడును ఒక మిల్లీమీటరు మందపు తీగతో అల్లారనుకుందాం. ఆ తీగను విప్పి సాగదీస్తే మీటరున్నర దాటి, సుమారు 170 సెంటీమీటర్ల పొడవుంటుంది, దాని ఉపరితలం 54 చదరపు సెంటీమీటర్లు. గాజు బయటి ముఖానికి ఇది దాదాపు అయిదింతలు, బరువు మాత్రం కేవలం నాలుగు గ్రాములు ఎక్కువ. చక్రం మీద పట్టినప్పుడు కడీల లోపలి భాగానికి గుడ్డ అందదు కాబట్టి సగం ఉపరితలమే అరుగుతుందని, ఒకసారికి రెండు మైక్రాన్లు పోతాయని అనుకుంటే, ఒక్కో మెరుగుకు 95 మిల్లీగ్రాముల వరకు పోతుంది. ఏటా పండక్కో పెళ్లికో మెరుగు పెట్టించే ఇంట్లో పదేళ్లలో ఆ తాడు నుంచి గ్రాముకు కాస్త తక్కువ బంగారం వెళ్లిపోతుంది.

ఆమ్లంలోనో రసాయన ద్రావణంలోనో ముంచితే ఆ సగం అన్న మినహాయింపు కూడా ఉండదు. ద్రవం ప్రతి సందులోకీ వెళ్తుంది. పలుచని గంధకామ్లం వంటివి రాగి పొరను మాత్రమే తీసి బంగారాన్ని వదిలేస్తాయి కాబట్టి వాటి నష్టం స్వల్పం. సైనైడు ద్రావణంలో విద్యుత్తుతో చేసే మెరుగు అలాంటిది కాదు. అందులో నగను ధన ధ్రువానికి తగిలిస్తారు, అంటే పూత వేసే పనికి సరిగ్గా తలకిందులు, నగలోని లోహమే ద్రావణంలోకి దిగుతుంది. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక్క నిమిషంపాటు పూర్తిగా బంగారాన్ని కరిగించడానికే ఖర్చయితే దిగే బంగారం దాదాపు 120 మిల్లీగ్రాములు, మళ్లీ గురివింద గింజెత్తు. గుడ్డ చక్రం చేరలేని నక్షీ మూలలను నిగనిగలాడించడానికి ఈ పద్ధతి పనికొస్తుంది, కర్మాగారాల్లో కొత్త నగలకు దీన్ని వాడేదీ అందుకే. కానీ ఎంతసేపు ఉంచారన్నదే ఇక్కడ అసలు విషయం, కౌంటరు ఇవతల కూర్చున్నవారికి అది కనిపించదు.

ఇంటి ముందుకు వచ్చి మెరుగు పెడతామనేవారి మోసానికి కూడా ఆధారం ఈ ఉపరితలపు లెక్కే. వారు మొదట ఇత్తడి చెంబునో వెండి పట్టీలనో ఏదో పొడితో రుద్ది మెరిపించి నమ్మకం కలిగిస్తారు. తరువాత గొలుసు అడుగుతారు. ఆ గిన్నెలో ఉండేది తరచుగా మూడు పాళ్లు హైడ్రోక్లోరికామ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిపిన ఆక్వా రీజియా. బంగారాన్ని కరిగించగల కొద్ది ద్రవాల్లో అది ఒకటి. బంగారం కరిగినప్పుడు ఆ ద్రవం పసుపు, నారింజ రంగుకు తిరుగుతుంది. అందులో పసుపు కలపడం, కాసేపయ్యాక తీయండని చెప్పి గొలుసును మరో గిన్నెలో పసుపునీళ్లలో వేసి మూతపెట్టి ఇవ్వడం పూజకోసం కాదు, ఆ రంగు బయటపడకుండా ఉండడానికి, వాళ్లు వీధి దాటేదాకా ఎవరూ గొలుసును చూడకుండా ఉండడానికి. కరిగిన బంగారం తిరిగి దొరుకుతుంది కూడా: ఆ ద్రవంలో అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేటు, ద్రావణం పోస్తే బంగారం గోధుమరంగు పొడిగా అడుగున దిగుతుంది.

పైన చెప్పిన పుస్తెలతాడు నుంచే ఆ గిన్నెలో 10 మైక్రాన్లు పోయాయనుకుందాం. తీగ మందం ఒక మిల్లీమీటరు నుంచి 0.98 మిల్లీమీటరుకు తగ్గుతుంది. ఆ తేడాను ఏ కన్నూ పట్టలేదు. బరువు మాత్రం 24 గ్రాముల నుంచి 23.05 గ్రాములకు దిగుతుంది. పదేళ్ల చక్రం మెరుగు తీసుకున్నంత లోహాన్ని ఒక్క స్నానం తీసుకున్నట్టు. తీసుకున్నది ఇంతటితో ఆగకపోతే ఆనవాళ్లు కనబడతాయి: కడీలు నిగనిగలాడే బదులు పొడిబారినట్టు మట్టిరంగులో ఉంటాయి, వేలితో రాస్తే గరుకు తగులుతుంది, భూతద్దంలో సూది గుచ్చినట్టు సన్నని గుంటలు కనిపిస్తాయి, కొక్కెం అంచులు పదునెక్కుతాయి.

నిజాయితీగా చేసిన మెరుగుకూ, చేతివాటం చూపిన మెరుగుకూ తేడా తెలిసేది తూకంతోనే. అయితే ఆ తూకాన్ని చాలామంది తప్పు సమయంలో వేయిస్తారు. ఏళ్ల తరబడి కడగని గొలుసు సందుల్లో పట్టిన సబ్బు, జిడ్డు పదుల మిల్లీగ్రాముల బరువు తూగవచ్చు. మురికితో తూచి ఇచ్చి, మెరుగయ్యాక తూచి చూస్తే తేడా వస్తుంది, అడిగితే అదంతా మురికేనని చెబుతారు, కాదనడానికి ఆధారం ఉండదు. అందుకని నగను ఇంట్లోనే శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన మిల్లీగ్రాముల దాకా చూపే కాటా మీద ముందొకసారి, తరువాత ఒకసారి అదే కాటా మీద తూయించుకుని, రెండు అంకెలూ రసీదు మీద రాయించుకోవాలి. ఒక సాదా గాజుకు 20, 30 మిల్లీగ్రాముల తగ్గుదల కనిపిస్తే అది పని తాలూకు తరుగే. ఒక్క మెరుగుకు ఒక శాతం దాటిన తగ్గుదల కనిపిస్తే, ఏ పద్ధతి వాడారో, ఎన్ని గీతలు తీశారో అడగవలసిందే.

కడిగి తూచే ఈ అలవాటులో ఇంకో లాభం ఉంది. కడిగిన తరువాత చాలా నగలకు మెరుగు అవసరమే లేదని తెలిసిపోతుంది. గోరువెచ్చని నీటిలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే ద్రవమో, కుంకుడు రసమో కలిపి పావుగంట నానబెట్టి, చిన్నపిల్లల మెత్తని బ్రష్షుతో సందులు తోమి, సింకులో కాకుండా గిన్నెలోనే జాడించి, నూలు గుడ్డతో అద్ది ఆరబెడితే చాలు. పళ్ల పేస్టు, ముగ్గుపిండి, బూడిద వాడకూడదు; అవి మురికితోపాటు కొత్త గీతలనూ ఇస్తాయి, ఇంట్లో పెట్టిన గరుకు మెరుగు అవి. ముత్యాలు, పగడాలు, పచ్చలు పొదిగిన నగలను నానబెట్టకుండా తడిగుడ్డతో తుడవడమే మేలు. ఆరిన నగను కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే, కళ తిరిగివచ్చి సన్నని వెంట్రుక గీతలు మాత్రమే మిగిలితే దానికి మెరుగు అక్కర్లేదు. గోరుకు తగిలేంత లోతున్న గీత ఒకటీ అరా ఉంటే దాన్ని అలాగే వదిలేయడం లాభం. దాన్ని పోగొట్టే ఖర్చు గాజు మొత్తం మీద పడుతుంది.

ఆ విధంగా చూస్తే రోజూ వేసుకునే సాదా గాజులకు ఐదారేళ్లకొకసారి, ముఖం అంతా గీతలతో పాలిపోయినప్పుడు, పైపై మెరుగు సరిపోతుంది. బీరువాలో ఉండి ఏడాదికి రెండు శుభకార్యాలకు బయటికి వచ్చే హారానికి పదేళ్లలో ఒకసారి కూడా అవసరం రాకపోవచ్చు. దాన్ని విడి గుడ్డసంచిలో, మిగతా నగలకు తగలకుండా దాస్తే అసలు గీతలే పడవు. పుస్తెలతాడు విషయంలో మాత్రం సంవత్సరాల లెక్క కంటే కడీల పరీక్ష ముఖ్యం. గొలుసు నిజంగా అరిగేది కడీ కడీ ఒరుసుకునే లోపలి వంపుల్లో, చక్రం చేరని చోట. మెరుగు పెడితే పైభాగం కొత్తదానిలా మెరుస్తుంది, లోపల సగానికి అరిగిన కడీ అలాగే ఉండి ఒకరోజు పుటుక్కున తెగుతుంది. కాబట్టి రెండు మూడేళ్లకోసారి తాడును దుకాణానికి తీసుకువెళ్లడం మంచిదే, అయితే అడగవలసింది మెరుగు కాదు, అరిగిన కడీలు, కొక్కెం చూసి బాగుచేయమని.

లోపల బోలుగా ఉన్న నగలకూ, లక్క నింపిన గుండ్లకూ, గాజులకూ రేకు మందమే కొన్ని పదుల మైక్రాన్లు ఉండవచ్చు కాబట్టి వాటికి చక్రం తగిలించడమే ప్రమాదం. అంచుల దగ్గర రేకు చిల్లి పడితే అతుకు వేయడం కష్టం, వేడికి లక్క కరిగి బయటికి వస్తుంది. వన్ గ్రామ్ గోల్డ్ నగల మీది పూత ఒక్క మైక్రాన్ కూడా ఉండకపోవచ్చు, వాటికి మెరుగు పెట్టడమంటే పూతను పూర్తిగా తుడిచేయడమే. తెల్ల బంగారానిది వేరే కథ. దాని మెరిసే తెలుపు చాలావరకు రోడియం పూతది, అది అరిగినప్పుడు మళ్లీ పూత వేయించక తప్పదు, రోజూ పెట్టుకునే ఉంగరానికైతే ఏడాదికో రెండేళ్లకో ఆ పని పడుతుంది.

బరువు లెక్కకు అందని నష్టం కాసులపేరులో, నక్షీ హారాల్లో కనిపిస్తుంది. కాసు మీద లక్ష్మీదేవి ముక్కు, కిరీటపు కొన, చేతిలోని తామర రేకు, ఇవన్నీ చుట్టూ ఉన్న నేల కంటే మిల్లీమీటరులో చిన్న భాగం ఎత్తుగా ఉండే గీతలే. గుడ్డ చక్రం లోతుల్లోకి పోలేక ముందుగా తాకేది వాటినే. అమ్మమ్మ కాలం నుంచి వస్తున్న కాసులపేరును నాలుగైదుసార్లు మెరుగు పెట్టించిన ఇళ్లలో, మెడ వెనుక వైపు ఉండే కాసుల మీద బొమ్మ స్పష్టంగా, ముందువైపు కాసుల మీద ముఖం చదునై కనబడుతుంటే, ముందు వరుసనే ఎక్కువసేపు చక్రానికి పట్టి ఉంటారని ఊహించవచ్చు. అలాంటి నగల మూలల్లోని నల్లదనం, ఎర్రమట్టి ఛాయలో ఉండే గేరు రంగు చాలావరకు కావాలని ఉంచినవి. బొమ్మకు లోతు ఇచ్చేవి అవే. మెత్తని బ్రష్షు, నీళ్లు మినహా వాటికి వేరే ఏదీ అవసరం లేదు.

నగ లోపలివైపు ఉండే హాల్‌మార్క్ గుర్తులకూ ఇదే గతి పట్టవచ్చు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర, 22K916 అన్న స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే, ప్రతి నగకూ విడిగా ఇచ్చే HUID సంఖ్య, ఇవన్నీ లేజరుతో చెక్కిన అతి పలుచని గీతలు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ సంఖ్య లేని హాల్‌మార్క్ నగలను దుకాణాలు అమ్మకూడదు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నగ వివరాలు వస్తాయి. గాజు లోపలి వైపు కూడా చక్రానికి పట్టి ఆ సంఖ్యను చెరిపేస్తే, మళ్లీ అమ్మేనాడు స్వచ్ఛత పరీక్ష మొదటినుంచి చేయించుకోవాల్సి వస్తుంది. గాజును పనివాడి చేతికి ఇచ్చే ముందు ఆ చోటును చూపించి, లోపలి వైపు ముట్టుకోవద్దని చెప్పి, సంఖ్యను రసీదు మీద తూకం పక్కనే రాయించుకోవడానికి అర నిమిషం పడుతుంది.